ఒకే నక్షత్రానికి నాలుగు దూరాలు: పార్సెక్ నుంచి కాంతి సంవత్సరాలకు మార్చేటప్పుడు తప్పు ఏ మెట్టులో జరుగుతోంది?

చంద్రగిరి_ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. నేను చంద్రగిరి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. తిరుపతి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రంలో తారామండలం చూసి వచ్చాక తొమ్మిదో తరగతి పిల్లలు నక్షత్రాల దూరాలను గురించి చాలా ప్రశ్నలు వేశారు. అందుకని పాఠ్యప్రణాళికకు అదనంగా కొన్ని పరిచయ పాఠాలు చెబుతున్నాను. నిన్న వారికి ఒక లెక్క ఇచ్చాను. సిరియస్, అంటే మనం లుబ్ధకం అని పిలిచే నక్షత్రం, పారలాక్స్ 0.379 ఆర్క్ సెకన్లు అని చెప్పి, దాని దూరాన్ని ఖగోళ ప్రమాణాలలోను, కిలోమీటర్లలోను, కాంతి సంవత్సరాలలోను కనుక్కోమన్నాను.

కాంతి సంవత్సరాలలో నాలుగు రకాల జవాబులు వచ్చాయి. ఎక్కువమందికి 8.6, కొందరికి 17.2, ఇద్దరికి 0.86, ఒక అమ్మాయికి 1.24 వచ్చింది. సరైనది 8.6 అని నాకు తెలుసు. మిగిలిన మూడు జవాబులూ ఏదో ఒక పద్ధతి ప్రకారమే వచ్చినట్టు కనిపిస్తున్నాయి కనుక, వాటిని కొట్టేసి ఊరుకోకుండా ప్రతి ఒక్కరికీ ఎక్కడ దారి తప్పారో చూపించాలని ఉంది. దయచేసి తెలిసినవారు చెప్పండి.

పలమనేరు_నక్షత్రవీక్షకుడు

మేడమ్, 17.2 వచ్చిన పిల్లలను తప్పు పట్టకూడదని నా అభిప్రాయం. పారలాక్స్ కొలిచేటప్పుడు భూమి సూర్యుడికి ఒక పక్కన ఉన్నప్పుడు ఒకసారి, ఆరు నెలల తరువాత అవతలి పక్కన ఉన్నప్పుడు ఇంకొకసారి నక్షత్రాన్ని చూస్తారు. ఆ రెండు స్థానాల మధ్య దూరం కక్ష్య వ్యాసం, అంటే రెండు ఖగోళ ప్రమాణాలు. కనుక ఆధార రేఖను రెండుగా తీసుకోవడమే వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. పిల్లలు నిజమైన పరిశీలన ఎలా జరుగుతుందో గ్రహించి ఆ లెక్క వేసి ఉంటారు.

తిరుపతి_విశ్రాంత_అధ్యాపకుడు

పలమనేరు మిత్రులు పరిశీలన గురించి చెప్పింది నిజమే, కానీ దాని నుంచి తీసిన నిర్ణయం నిలవదు. ఆరు నెలల తేడాతో చూసినప్పుడు సిరియస్ జరిగినట్టు కనిపించే మొత్తం కోణం 0.758 ఆర్క్ సెకన్లు. పట్టికలలో ముద్రించేది అందులో సగం, 0.379. వ్యాసానికి పూర్తి కోణాన్ని జత చేసినా, వ్యాసార్ధానికి సగం కోణాన్ని జత చేసినా ఒకే దూరం వస్తుంది. ఆ పిల్లలు రెండు ఖగోళ ప్రమాణాల వ్యాసానికి సగం కోణాన్ని జత చేశారు, అందుకే దూరం సరిగ్గా రెట్టింపైంది. వాళ్ళకు బొమ్మ గీసి, నక్షత్రం దగ్గర ఏర్పడే కోణాన్ని సూర్యుడి గుండా పోయే గీతతో రెండు భాగాలు చేసి చూపితే చాలు.

ఇక మిగిలిన రెండు జవాబులను చూద్దాం. 1.24 వచ్చిన అమ్మాయి 0.379ను 3.26తో గుణించింది. అంటే పారలాక్స్‌నే పార్సెక్‌ల సంఖ్య అనుకుంది. పారలాక్స్ ఆర్క్ సెకన్లలో ఉంటే, ఒకటిని దానితో భాగిస్తే పార్సెక్‌లు వస్తాయి:

```
d = 1 / p
d = 1 / 0.379 = 2.64 పార్సెక్‌లు
2.64 × 3.26 = 8.6 కాంతి సంవత్సరాలు
```

ఈ తప్పును పట్టుకోవడానికి ఒక సులువు ఉంది. సూర్యుడిని విడిచిపెడితే మనకు అత్యంత సమీపంలో ఉన్న ప్రాక్సిమా సెంటారీ పారలాక్స్ 0.768 ఆర్క్ సెకన్లు. అంటే ఏ నక్షత్రానికీ పారలాక్స్ ఒక ఆర్క్ సెకను కూడా ఉండదు, కనుక ఏ నక్షత్రమూ ఒక పార్సెక్ కంటే దగ్గరగా లేదు. దూరం 3.26 కాంతి సంవత్సరాల లోపు వచ్చిందంటే, ఆ లెక్కను ఇంకేమీ చూడకుండానే తిరిగి చేయమని చెప్పవచ్చు. 1.24, 0.86 రెండూ ఈ జల్లెడలోనే ఆగిపోతాయి. 17.2 మాత్రం జారిపోతుంది, ఎందుకంటే ఆ దూరంలో నిజంగానే నక్షత్రాలున్నాయి.

0.86 ఎలా వచ్చిందో ఆ పిల్లల కాగితం చూడకుండా చెప్పలేను. వారు కిలోమీటర్ల మీదుగా వెళ్ళారా?

చంద్రగిరి_ఉపాధ్యాయిని

అవునండీ, ఆ ఇద్దరూ కిలోమీటర్ల మీదుగానే వెళ్ళారు. కాగితంలో దూరం 8.14 లక్షల కోట్ల కిలోమీటర్లు అని రాసి, దానిని 9.46 లక్షల కోట్లతో భాగించారు. క్యాలిక్యులేటర్ తెర మీద `8.14E13` అని కనిపించిందని చెప్పారు.

తిరుపతి_విశ్రాంత_అధ్యాపకుడు

అయితే కారణం దొరికింది. లక్ష కోట్లు అంటే ఒకటి పక్కన పన్నెండు సున్నాలు. తెర మీద పదమూడో ఘాతం ఉంది కనుక ఆ సంఖ్య 81.4 లక్షల కోట్లు. ఇంగ్లీషు పుస్తకాలలో ట్రిలియన్ అనేదీ, మన లక్ష కోట్లూ ఒకటే కావడంతో, కాంతి సంవత్సరం విలువను 9.46 లక్షల కోట్లుగా సరిగ్గానే రాశారు. పక్క సంఖ్యలో ఒక ఘాతం ఎక్కువ ఉందని గమనించకుండా దానికీ అదే పేరు తగిలించారు. ఒక పార్సెక్ 30.86 లక్షల కోట్ల కిలోమీటర్లు, ఒక కాంతి సంవత్సరం 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు అని పలక మూలలో పక్కపక్కనే రాసి ఉంచండి. మొదటిది రెండోదానికి మూడు రెట్ల కంటే కొంచెం ఎక్కువ అని కంటికి కనిపిస్తూ ఉంటే, ఈ పొరపాటు చేసినవారు తామే తెలుసుకుంటారు.

స్వర్ణముఖి_తీరం

నేను గణితం ఉపాధ్యాయుడిని. అసలు పిల్లల చేత కిలోమీటర్ల లెక్క చేయించడం ఎందుకని అడుగుతున్నాను. పదమూడు సున్నాల సంఖ్య వారికి ఏ భావాన్నీ కలిగించదు, తప్పులకు మాత్రం చోటిస్తుంది. పార్సెక్ నుంచి కాంతి సంవత్సరాలకు వెళ్ళడానికి 3.26 ఒక్కటే చాలు కదా.

తిరుపతి_విశ్రాంత_అధ్యాపకుడు

3.26 ఒక్కటే ఇస్తే అది ఎక్కడి నుంచి ఊడిపడిందో వారికి తెలియదు. గుణించాలో భాగించాలో మరిచిపోయిన రోజున తిరిగి రాబట్టుకునే దారి ఉండదు. అయితే మీ మాటలో బలం ఉంది. కిలోమీటర్లను తాకకుండానే 3.26ను రాబట్టే మార్గం ఒకటి ఉంది కనుక దాన్ని వివరిస్తాను.

మొదట పార్సెక్‌ను తీసుకుందాం. నక్షత్రాన్ని కేంద్రంగా పెట్టుకుని, మన సూర్యుడి గుండా పోయేటట్టు ఒక పెద్ద వృత్తాన్ని ఊహించండి. వృత్తంలో 360 డిగ్రీలు, డిగ్రీకి 3,600 ఆర్క్ సెకన్లు, కనుక మొత్తం 12,96,000 ఆర్క్ సెకన్లు. ఒక పార్సెక్ దూరం నుంచి చూస్తే ఒక ఖగోళ ప్రమాణం ఒక ఆర్క్ సెకను కోణంలో కనిపిస్తుంది. కనుక ఆ వృత్తం చుట్టుకొలత 12,96,000 ఖగోళ ప్రమాణాలు. చుట్టుకొలతను రెండు పైలతో భాగిస్తే వ్యాసార్ధం 2,06,265 ఖగోళ ప్రమాణాలు వస్తుంది. అదే ఒక పార్సెక్. పిల్లలు పై విలువగా 22/7 తీసుకుంటే 2,06,182 వస్తుంది. తేడా పదివేలలో నాలుగు పాళ్ళే కనుక ఈ స్థాయిలో దాన్ని తప్పుగా లెక్కించవద్దు.

తరువాత కాంతి సంవత్సరం. సూర్యుడి నుంచి ఒక ఖగోళ ప్రమాణం దాటడానికి కాంతికి 499 సెకన్లు పడుతుంది. మనం ఎనిమిది నిమిషాల పైచిలుకు అని చెప్పేది ఇదే. ఒక సంవత్సరంలో 3,15,57,600 సెకన్లు ఉంటాయి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కాంతి సంవత్సరంలో సుమారు 63,240 ఖగోళ ప్రమాణాలు ఉంటాయని తేలుతుంది. ఇక 2,06,265ను 63,240తో భాగించండి, 3.26 వస్తుంది. ఈ దారిలో పెద్ద సంఖ్య అంటూ ఏదీ లక్షలు దాటి కోట్లలోకి పోలేదు, ఒక్క సంవత్సరంలోని సెకన్లు తప్ప.

పుత్తూరు_తండ్రి

అయ్యా, మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. నా సందేహం కొంచెం వేరుగా ఉండవచ్చు, మన్నించండి. ఆర్ద్రా నక్షత్రం, అంటే బెటెల్‌గూస్, దూరం ఒక చోట 548 కాంతి సంవత్సరాలు అనీ, ఒక చోట 642 అనీ, మరొక చోట 724 అనీ చదివాము. ఒక్కొక్కరు పార్సెక్‌ను ఒక్కొక్క విధంగా కాంతి సంవత్సరాలలోకి మారుస్తున్నారా? మా అమ్మాయి ఏది రాసుకోవాలి?

తిరుపతి_విశ్రాంత_అధ్యాపకుడు

మీ ప్రశ్న ఈ చర్చకు బయటిది కాదండీ. మీరు చెప్పిన మూడు సంఖ్యలనూ 3.26తో భాగించి చూడండి. 168, 197, 222 పార్సెక్‌లు వస్తాయి. ముగ్గురూ ఒకే గుణకంతోనే మార్చారు, తేడా అంతా పార్సెక్‌లలోనే ఉంది. 2008లో వెలువడిన కొలత 197 పార్సెక్‌లు, దానికి ఇటు అటు 45 పార్సెక్‌ల అనిశ్చితి ఉందని అప్పుడే చెప్పారు. 2017 కొలత 222. నక్షత్రం వెలుగు హెచ్చుతగ్గులను నమూనాలతో పోల్చి 2020లో వచ్చిన అంచనా 168.

ఈ నక్షత్రం విషయంలో ఇంత కష్టం ఎందుకంటే, దాని పారలాక్స్ ఒక ఆర్క్ సెకనులో వెయ్యో వంతులు నాలుగైదు మాత్రమే. కానీ దాని బింబం సుమారు నలభై వెయ్యో వంతుల వెడల్పు కనిపిస్తుంది. బింబం మీది వెలుగు అంతటా ఒకేలా ఉండదు, మారుతూ ఉంటుంది. తన వెడల్పులో పదో వంతు మేర మాత్రమే జరిగే వస్తువుకు కేంద్రం ఎక్కడుందో గుర్తించి ఆ కదలికను కొలవాలంటే పొరపాటుకు అవకాశం ఎక్కువ. మీ అమ్మాయిని 500 నుంచి 700 కాంతి సంవత్సరాల దాకా అని రాసుకోమనండి. 724 అని మూడంకెలూ రాసుకుంటే కొలతలో లేని కచ్చితత్వం ఉన్నట్టు అవుతుంది.

పుత్తూరు_తండ్రి

మార్చే గుణకంలో కాక కొలతలోనే తేడా ఉందని అర్థమైందండీ, ధన్యవాదాలు. పుస్తకంలో ఒకే సంఖ్య రాసుకోమని మా అమ్మాయికి వాళ్ళ మాస్టారు చెప్పారు, ఆ సంగతి ఆయననే అడుగుతాను.

ఎంపీసీ_చిత్తూరు

సర్, నేను ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థిని. కాంతి సంవత్సరాన్ని కిలోమీటర్లలోకి మార్చేటప్పుడు నేను కాంతి వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు, సంవత్సరానికి 365 రోజులు తీసుకున్నాను. 9.4608 లక్షల కోట్లు వచ్చింది. మీరు వాడిన సెకన్ల సంఖ్యను బట్టి మీరు 365.25 రోజులు తీసుకున్నారు. నిజమైన విలువ 9.4607 అని చదివాను. నా జవాబు దానికి అంత దగ్గరగా వచ్చింది కనుక 365 రోజులే సరైనవని నాకు అనిపిస్తోంది.

పలమనేరు_నక్షత్రవీక్షకుడు

బాబూ, నిజానికి రెండూ కావు. భూమి ఋతుచక్రం 365.2422 రోజులు, మన క్యాలెండర్ లీపు సంవత్సరాలను తీసివేసే పద్ధతి కూడా దాని కోసమే వచ్చింది. శాస్త్రీయమైన లెక్కలో అదే వాడాలి.

తిరుపతి_విశ్రాంత_అధ్యాపకుడు

ముందుగా విద్యార్థికి చెబుతాను. నీ లెక్కలో రెండు సవరింపులున్నాయి, అవి ఒకదానినొకటి కొట్టేసుకున్నాయి. కాంతి అసలు వేగం సెకనుకు 2,99,792.458 కిలోమీటర్లు. నువ్వు దాన్ని పదివేలలో ఏడు పాళ్ళు పెంచావు. సంవత్సరాన్ని పావు రోజు తగ్గించావు, అదీ పదివేలలో ఏడు పాళ్ళే. నమ్మకం కలగకపోతే ఒక్కదానినే సరిచేసి చూడు. సరైన వేగంతో 365 రోజులు తీసుకుంటే 9.4543 వస్తుంది. 3 లక్షల వేగంతో 365.25 రోజులు తీసుకుంటే 9.4673 వస్తుంది. రెండింటినీ సరిచేస్తేనే మళ్ళీ 9.4607కు చేరుతావు. జవాబు సరిపోయినంత మాత్రాన ప్రతి మెట్టూ సరైనదని అనుకోలేము. నీ 365 రోజులను వేరే లెక్కలో సరైన వేగంతో కలిపితే తేడా బయటపడుతుంది.

ఇక పలమనేరు వారి మాటకు వస్తాను. 365.2422 అనేది ఋతువుల సంవత్సరం విషయంలో నిజమే. కానీ కాంతి సంవత్సరం విషయంలో అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సమాఖ్య సరిగ్గా 365.25 రోజుల జూలియన్ సంవత్సరాన్నే తీసుకుంటుంది. కొద్దికొద్దిగా మారే సంవత్సరం మీద దూరాన్ని నిలబెట్టకూడదు కనుక స్థిరమైన సంఖ్యను ఎంచుకోవడం అవసరం. మీరు చెప్పిన విలువ వాడినా తేడా లక్షలో రెండు పాళ్ళే, తొమ్మిదో తరగతి జవాబు మారదు.

చంద్రగిరి_ఉపాధ్యాయిని

స్థిరమైన సంఖ్య అన్నారు కనుక అడుగుతున్నాను. ఒక కుర్రాడు భూమి కక్ష్య దీర్ఘవృత్తం కదా, జనవరిలో సూర్యుడికి 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలోను, జూలైలో 15.2 కోట్ల దూరంలోను ఉంటుంది కదా, అలాంటప్పుడు పార్సెక్ కూడా నెల నెలా మారాలి కదా అని అడిగాడు. సగటు తీసుకుంటారని చెప్పాను. ఆ జవాబు సరిపోతుందా?

తిరుపతి_విశ్రాంత_అధ్యాపకుడు

చాలా మంచి ప్రశ్న వేశాడు. మీ జవాబు చరిత్రను బట్టి సరైనదే, కానీ ఇప్పటి నిర్వచనానికి ఇంకొక అడుగు వేయాలి. 2012లో ఖగోళ ప్రమాణాన్ని 14,95,97,870.7 కిలోమీటర్లుగా కచ్చితంగా నిర్ణయించారు. అప్పటి నుంచి అది కొలిచే విలువ కాదు, మనం పెట్టుకున్న కొలబద్ద. భూమి దగ్గరికి వచ్చినా దూరం జరిగినా అది మారదు. 2015లో పార్సెక్‌ను కూడా ఆ ఖగోళ ప్రమాణానికి 6,48,000ను పైతో భాగించినన్ని రెట్లుగా స్థిరపరిచారు. మీరు పైన చూసిన 12,96,000ను రెండు పైలతో భాగించడమూ ఇదీ ఒకటే. నక్షత్రాలను పరిశీలించేవారు మాత్రం భూమి ఆ రోజున కక్ష్యలో ఎక్కడుందో తెలుసుకుని, దాన్ని లెక్కలోకి తీసుకుని, ఒక ఖగోళ ప్రమాణానికి తగిన కోణంగా మార్చి ప్రకటిస్తారు.

ఎంపీసీ_చిత్తూరు

సర్, ఇంకొక సందేహం. మా పుస్తకంలో పార్సెక్ 3.08 × 10¹⁶ మీటర్లు అని ఉంది. మీరు చెప్పిన ప్రకారం అది 30.86 లక్షల కోట్ల కిలోమీటర్లు, అంటే 3.086 × 10¹⁶ మీటర్లు. దగ్గరి విలువకు సవరిస్తే 3.09 కావాలి కదా. పరీక్షలో ఏది రాయాలి?

తిరుపతి_విశ్రాంత_అధ్యాపకుడు

నువ్వు చెప్పిందే సరైనది, మూడంకెలకు సవరిస్తే 3.09 రావాలి. పుస్తకంలోనిది చివరి అంకెను వదిలేసి రాసిన సంఖ్య. 3.08 × 10¹⁶ను 9.46 × 10¹⁵తో భాగించినా 3.26 వస్తుంది కనుక నీ జవాబు దెబ్బతినదు. పరీక్షలో ప్రశ్నలో ఏ విలువ ఇస్తే అదే వాడు.

స్వర్ణముఖి_తీరం

క్షమించాలి, చివరి మాటతో నేను ఏకీభవించలేను. తప్పుగా సవరించిన సంఖ్యను తెలిసీ వాడమనడం పిల్లలకు సవరింపు నియమాలు నేర్పే మాకు ఇబ్బంది కలిగిస్తుంది. ప్రశ్నలో విలువ ఇవ్వకపోతే 3.09 రాసి, మార్కులు పోతే అడగాలి.

తిరుపతి_విశ్రాంత_అధ్యాపకుడు

విలువ ఇవ్వని ప్రశ్న విషయంలో మీతో నేనూ ఒప్పుకుంటాను. ఇచ్చిన ప్రశ్న విషయంలో నా మాట అదే.

చంద్రగిరి_ఉపాధ్యాయిని

ఈ రోజు తరగతిలో కిలోమీటర్లు లేని మార్గంలో లెక్క చేయించాను. ఒక ఖగోళ ప్రమాణాన్ని ఒక మీటరుగా నల్లబల్ల మీద గీశాను. ఆ కొలతలో కాంతి సంవత్సరం 63 కిలోమీటర్లు అవుతుంది, అంటే దాదాపు తిరుపతి నుంచి చిత్తూరుకు ఉన్నంత దూరం. పార్సెక్ 206 కిలోమీటర్లు అవుతుంది, పటం మీద స్కేలు పెట్టి చూస్తే ఇంచుమించు తిరుపతి నుంచి బెంగళూరుకు ఉన్నంత. మూడు రెట్లకు పైన అనేది పిల్లలు పటం చూసే చెప్పారు. సిరియస్ ఆ కొలతలో 544 కిలోమీటర్ల దూరాన ఉంటుందని వాళ్ళే లెక్క కట్టారు. 17.2 వచ్చిన పిల్లలలో ఒకరు మాత్రం, రెండు ఖగోళ ప్రమాణాల ఆధారంతో పార్సెక్‌ను నిర్వచించి ఉంటే తన జవాబే నిలిచేది కదా అన్నాడు. అప్పుడు ఒక పార్సెక్ విలువే రెట్టింపై, పార్సెక్‌ల సంఖ్య సగమై, కాంతి సంవత్సరాలు మళ్ళీ 8.6కే వస్తాయని బల్ల మీద చేసి చూపాక ఒప్పుకున్నాడు.

కిలోమీటర్లను పూర్తిగా వదిలేయాలా అన్నది నేను ఇంకా తేల్చుకోలేదు. సౌరకుటుంబం పాఠంలో అవి లేకుండా పిల్లలకు గ్రహాల దూరాలు అర్థం కావు.

స్వర్ణముఖి_తీరం

గ్రహాల దాకా కిలోమీటర్లు ఉంచండి, నక్షత్రాల దగ్గర ఆపేయండి. నా మాటలో మార్పు లేదు.

తిరుపతి_విశ్రాంత_అధ్యాపకుడు

నేనైతే నక్షత్రాల దగ్గర కూడా ఒక్కసారి చేయించి ఆపుతాను. మేడమ్, వచ్చే తరగతికి ఒక లెక్క సూచిస్తాను. 1838లో బెస్సెల్ 61 సిగ్ని అనే నక్షత్రానికి పారలాక్స్ 0.314 ఆర్క్ సెకన్లు అని కొలిచాడు. ఒక నక్షత్రం దూరాన్ని నమ్మదగిన విధంగా కొలిచి ప్రకటించడం అదే మొదలు. నేటి కొలత 0.286. రెండింటినీ కాంతి సంవత్సరాలలోకి మార్పించండి. పాతదానికి 10.4, కొత్తదానికి 11.4 రావాలి. పారలాక్స్ పెద్దదైనప్పుడు దూరం తగ్గిందని పిల్లలు తామే గమనిస్తే, 1.24 జవాబు రాసిన అమ్మాయికి భాగహారం ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.